నాలుగుతో భాగించే ముందు

తమ్ముడూ,

నువ్వు పంపిన అధ్యాయం రాత్రి చదివాను. ఉదాహరణకి 'గలగలమని' అనే మాట తీసుకున్నావు, బాగుంది. ప్రస్తారాల పాఠం అనగానే అందరూ మిసిసిపీ నదిలో పడతారు, నువ్వు పడలేదు. కానీ మూడో పేజీలో "ఈ మాటలోంచి నాలుగక్షరాల పదాలు ఎన్ని చేయొచ్చు?" అని అడిగి, 6×5×4×3 = 360ని 4తో భాగించి 90 అని రాసి, దాని చుట్టూ డబ్బా కూడా గీశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. జవాబు 102.

ఆరక్షరాలనీ వాడితే నీ లెక్క సరైనదే ('ని'ని ఒకే అక్షరంగా తీసుకుంటున్నామని మొదటే చెప్పు, గుణింతాన్ని విడదీస్తే లెక్కే మారిపోతుంది). రెండు 'గ'లకీ రెండు 'ల'లకీ 1, 2 అని నంబర్లు వేస్తే ఆరూ వేరువేరు అక్షరాలవుతాయి, 6! అంటే 720 వరసలు. నంబర్లు చెరిపేస్తే ప్రతి నాలుగు వరసలూ ఒకే పదంగా కలిసిపోతాయి. 720/4 = 180. ఇక్కడ భాగహారం ఎందుకు చెల్లిందంటే, ప్రతి పదాన్నీ సరిగ్గా నాలుగేసి సార్లే లెక్కపెట్టాం కాబట్టి. నీ పేజీలో లేనిది ఈ ఒక్క వాక్యమే.

కొన్ని అక్షరాలే తీసుకున్నప్పుడు ఆ సమానత్వం పోతుంది. నీ పద్ధతినే రెండక్షరాల పదాలకి పెట్టి చూడు: 6×5 = 30, నాలుగుతో భాగిస్తే ఏడున్నర! పదాలు ఏడున్నర ఎలా ఉంటాయి? కూర్చుని రాస్తే పద్నాలుగు వస్తాయి. 'మని' అనే పదం ఆ ముప్ఫైలో ఒక్కసారే ఉంది, ఎందుకంటే అందులో గ, ల లేవు. 'గమ' రెండుసార్లు, 'గగ' రెండుసార్లు, 'గల' నాలుగుసార్లు. ఒకసారి వచ్చిన దాన్నీ నాలుగుసార్లు వచ్చిన దాన్నీ కలిపి నాలుగుతో కోస్తే ఏం మిగులుతుంది?

ఈ పద్నాలుగు పదాల పట్టికే సూత్రం కంటే ముందు రావాలని నేను ముప్ఫై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. కోఠీలో ఒక గైడు వాళ్లకి రాసేటప్పుడు సరిగ్గా ఇలాంటి పట్టికే ఇచ్చాను. అక్కడి ఎడిటర్ "సార్, పిల్లలకి ఫార్ములా చాలు, పేజీ దండగ" అని దాన్ని కొట్టేసి సూత్రం ఒక్కటే వేశాడు. ఆ గైడు చదివిన పిల్లలు నారాయణగూడలో నా ట్యూషన్‌కి వచ్చి, అక్షరం రెండుసార్లు కనబడితే చాలు, లెక్క ఏదైనా సరే 2!తో భాగించేసేవాళ్లు. ఎందుకురా అంటే "గైడ్‌లో అంతే ఉంది సార్" అనేవాళ్లు. ఇప్పుడు షార్ట్‌కట్ డబ్బాల ఫ్యాషన్ వచ్చి ఇంకా ముదిరింది. నీ అధ్యాయంలోనే అలాంటి డబ్బాలు అయిదున్నాయి.

వాటిలో ఒకటి తీసేయాల్సిందే: "అమర్చమంటే ప్రస్తారం, ఎంచుకోమంటే సంయోగం". మాటని చూసి లెక్కని గుర్తుపట్టడం అలవాటైతే ఆ పిల్లవాడు ఈ లెక్క ఎప్పటికీ చేయలేడు, ఎందుకంటే ఇందులో రెండూ కలిసే వస్తాయి. నాలుగక్షరాలూ వేరైనవి: గ, ల, మ, ని, 4! = 24. ఒకే జత ఉన్నవి: ఏ జతో ఎంచుకోడానికి 2 దారులు, మిగతా మూడు రకాల్లోంచి రెండు ఎంచుకోడానికి 3C2 = 3 దారులు, ఆ నాలుగింటినీ అమర్చడానికి 4!/2! = 12. మొత్తం 72. రెండు జతలూ ఉన్నవి 6. కలిపితే 102.

ఆ చివరి ఆరింటినీ పేరుపేరునా రాయి: గగలల, గలగల, గలలగ, లగగల, లగలగ, లలగగ. 4!/(2!2!) అన్నా ఆరే. నాలుగు చోట్లలో 'గ'లకి రెండు చోట్లు ఎంచుకో, మిగతావి 'ల'లవి, 4C2 అన్నా ఆరే. అంటే ఒకేలాంటి అక్షరాలని అమర్చడమంటే వాటికి చోట్లు ఎంచుకోవడమే. 180 కూడా అలాగే వస్తుంది: 6C2 × 4C2 × 2! = 15×6×2. పిల్లలకి రెండు దారులూ చూపించు, రెండూ ఒకే సంఖ్య దగ్గర కలిస్తే వాళ్లకి తమ జవాబు మీద నమ్మకం కుదురుతుంది.

రాయల్టీ సంగతీ, పుస్తకం పేరూ అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు మూడో పేజీ మళ్లీ రాయి, మూడక్షరాల పదాలు కూడా చేర్చు. అన్నీ వేరైనవి 24, జత ఉన్నవి 2×3×3 = 18, మొత్తం 42. నీ పాత పద్ధతిలో 120/4 = 30 వస్తుంది. ఇది ఏడున్నరలా బయటపడదు, పూర్ణసంఖ్యే కదా అని ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఆ 30 ఎందుకు తప్పో పేజీలోనే రాసి పంపు.