ఎంత తిన్నా లావు అవ్వట్లేదు, ఇంటి తిండితో బరువు పెరగడం ఎలా?

నాకు 22 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 48 కేజీలే. పౌడర్లు వద్దు, ఇంట్లో ఉండేవాటితో ఏం చేయాలి?

మీ ఎత్తుకి కనీసం 55, 56 కేజీలు ఉండాలండి. అన్నం కుప్పలా పెట్టుకుంటే పొట్ట నిండిపోతుంది తప్ప కేలరీలు పెద్దగా రావు, అందుకే ఇప్పుడు తినేది అలాగే ఉంచి, పైన రోజుకి ఓ 500 కేలరీలు కలపండి. ఎలాగంటే పప్పన్నంలో రెండు చిన్న స్పూన్ల నెయ్యి, సాయంత్రం గుప్పెడు వేయించిన పల్లీలు, ఒక అరటిపండు, పడుకునే ముందు గ్లాసు గేదె పాలు, అంతే, దాదాపు సరిపోతుంది. పాలు పడకపోతే పెరుగు. గుడ్లు తింటే రోజూ రెండు, లేదంటే పప్పు కాస్త గట్టిగా వండించుకోండి.

చాలామంది చేసే తప్పేంటంటే భోజనానికి ముందు టీ తాగేస్తారు, ఆకలి అక్కడే చచ్చిపోతుంది, టిఫిన్ మానేస్తే ఆ లోటు రాత్రికి పూడదు. ఇంకోటి, ఒళ్లు కదలకుండా తింటే పొట్టే వస్తుంది, కాబట్టి వారానికి మూడు రోజులైనా గుంజీలు, దండీలు తీయండి.

వారానికోసారి పొద్దున్నే పరగడుపున బరువు చూసుకోండి. నెలకి కేజీన్నర పెరిగితే బాగున్నట్టే, రెండు మూడు వారాలైనా ముల్లు కదలకపోతే ఇంకో గుప్పెడు పల్లీలో, ఇంకో గ్లాసు పాలో కలపండి. బాగా తింటున్నా బరువు తగ్గుతుంటే, లేదా దగ్గు, జ్వరం, విరేచనాలు, గుండె దడ ఉంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించి థైరాయిడ్, షుగర్, టీబీ టెస్టులు చేయించుకోండి.