జ్వరానికి రాసే చీటీ, పెళ్ళికి రాసే చీటీ

సందేహం: నేను రెండు నెలల ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. జ్వరం వచ్చిన రోజు ఒక సెలవు చీటీ, మా అక్క పెళ్ళికి ఇంకొకటి మెయిల్లో పంపాను. రెండింటినీ "సెలవు మంజూరు చేయగలరని ప్రార్థన" అనే ముగించాను. పెళ్ళి చీటీ నాలుగు రోజుల ముందే పంపినా మా మేనేజర్ గారు "ఇది అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది" అన్నారు. నా వాక్యంలో తప్పెక్కడుంది? ఎన్నాళ్ళ ముందు రాయాలి?

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. "చేయగలరు" అంటే చేసే శక్తి ఉన్నవారు అని అక్షరార్థమే అయినా, కార్యాలయ లేఖల్లో అది మర్యాదైన కోరికగా ఎప్పుడో స్థిరపడింది. "ప్రార్థన" మాత్రం ఈ సందర్భానికి బరువెక్కువ. "మనవి" చాలు, "కోరుతున్నాను" అంటే ఇంకా హాయిగా ఉంటుంది. అయితే మీ మేనేజర్ గారికి తగిలింది ఈ మాటలు కావనుకుంటాను. అడగడమంటే అవతలివారికి కాదనడానికో, తేదీ మార్చమనడానికో వీలు మిగల్చడం. పెళ్ళి ముహూర్తం ఖాయమైపోయి, నాలుగే రోజులున్నప్పుడు వచ్చిన చీటీకి ఆయన ఏమని బదులివ్వగలరు? క్రియ అభ్యర్థనగానే ఉంది, గడువు మాత్రం ప్రకటనలా ఉంది. ఆ రెండూ పొసగకపోవడమే ఆయన చెవికి తేడాగా వినిపించింది.

ఇక జ్వరం చీటీలో తప్పు దీనికి తలకిందులు. జ్వరం అనుమతి అడిగి రాదు. ఆ రోజు మీరు చేయగలిగింది తెలియజేయడమే. అందుకే అక్కడ ముఖ్యమైన క్రియ "మంజూరు చేయగలరు" కాదు, "రాలేకపోతున్నాను". ఈ క్రియ రూపాన్ని కాస్త గమనించండి. "జ్వరం వల్ల ఈరోజు రాలేకపోతున్నాను" అంటే పొద్దున్నే, పని మొదలయ్యేలోపు చెబుతున్నారని అర్థమవుతుంది. "నిన్న రాలేకపోయాను" అంటే తిరిగొచ్చాక సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు. "రేపు కూడా రాలేకపోవచ్చు, సాయంత్రానికల్లా ఖాయంగా చెబుతాను" అంటే ఎదుటివారు పని సర్దుకోవడానికి దారి చూపినట్టు. ఎంత ముందు చెబుతున్నారన్నది క్రియలోనే తెలిసిపోతుంది. కాబట్టి జబ్బు విషయంలో గడువు రోజుల్లో ఉండదు, గంటల్లో ఉంటుంది. రాలేమని తెలిసిన వెంటనే, వీలైతే పని వేళకు ముందే చెప్పాలి. ఒంట్లో శక్తి లేకపోతే రెండు వాక్యాల సందేశం చాలు, చీటీ తరవాత పంపవచ్చు. అప్పుడు ఇలా రాస్తే సరిపోతుంది:

"జ్వరం వల్ల ఈరోజు, అంటే 9వ తేదీన, రాలేకపోతున్నాను. నిన్న మొదలుపెట్టిన పట్టిక సగం పూర్తయింది, ఫైలు మన ఉమ్మడి ఫోల్డరులో ఉంది. ఈరోజును అనారోగ్య సెలవుగా పరిగణించమని కోరుతున్నాను."

రోగ లక్షణాలన్నీ ఏకరువు పెట్టనక్కరలేదు. "అనారోగ్యం వల్ల" అన్నా చాలు. రెండు మూడు రోజులు దాటితే చాలా చోట్ల వైద్యుడి ధ్రువపత్రం అడుగుతారు. అది చేతికొచ్చాక జతచేస్తానని ఒక మాట రాసి ఉంచితే మంచిది.

పెళ్ళి చీటీని మాత్రం నిదానంగా చూడాలి. మీ ఉత్తరంలో "12 నుండి 15 వరకు" లాంటి మాట ఉందేమో వెతకండి. "వరకు" అనే మాట 15ను కలుపుకుంటుందా, దాని గుమ్మం దగ్గరే ఆగుతుందా అన్నది చదివేవారిని బట్టి మారుతుంది. మూడు రోజులని ఒకరు, నాలుగు రోజులని ఇంకొకరు లెక్కవేస్తారు. ఇంటర్న్‌కు ఆ ఒక్క రోజు తేడా చిన్నది కాదు. రెండు నెలల్లో పనిదినాలు సుమారు 40 ఉంటాయి. చాలా చోట్ల ఇంటర్న్‌లకు వేతనంతో కూడిన సెలవు ఉండదు, రాని రోజుకు స్టైపెండు తగ్గవచ్చు, ధ్రువపత్రానికి ఇంత హాజరు ఉండాలన్న షరతూ ఉండవచ్చు. అందుకని తేదీలు విడివిడిగా చెప్పి, తిరిగి వచ్చే రోజును కూడా రాయాలి. "రేపటి నుంచి", "వచ్చే వారం" వంటివి అసలే వద్దు. మెయిల్ రెండు రోజులాగి తెరిచినవారికి ఆ రేపు వేరే రోజవుతుంది.

మరి ఎన్నాళ్ళ ముందు? మీ నియామక పత్రంలో రాసి ఉంటే అదే ప్రమాణం. ఏమీ లేకపోతే, ఒక్కరోజు సెలవుకు కనీసం వారం, రెండు మూడు రోజులకు రెండు వారాలు ముందు అడగమంటాను. అయితే ఈ లెక్క కన్నా పెద్ద సూత్రం ఒకటుంది: తేదీ మీకు ఎప్పుడు తెలిసిందో అప్పుడే అడగాలి. పెళ్ళి తేదీ సాధారణంగా నెలల ముందే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. ఇంటర్న్‌షిప్‌లో చేరకముందే తెలిసి ఉంటే చేరేటప్పుడే చెప్పాలి. అప్పుడు మీ పని ప్రణాళికే ఆ మూడు రోజులను వదిలిపెట్టి తయారవుతుంది. నెల ముందు తెలిసిన సంగతిని నాలుగు రోజుల ముందు చెబితే, మీరు ఎంత వినయంగా రాసినా దాచిపెట్టినట్టే తోస్తుంది.

మీ ఉత్తరం ఇలా ఉంటే బాగుండేదని నా అభిప్రాయం:

"మా అక్క పెళ్ళి మే 13న ఖాయమైంది. అందుకు 12, 13, 14 తేదీల్లో మూడు రోజులు సెలవు ఇవ్వమని కోరుతున్నాను. 15న తిరిగి పనిలోకి వస్తాను. నాకు అప్పగించిన నివేదిక మొదటి భాగం 11వ తేదీలోపు ఇస్తాను. ఈ తేదీల్లో నా అవసరం తప్పనిసరి అయితే 13 ఒక్కరోజైనా ఇవ్వమని మనవి."

చివరి వాక్యాన్ని కావాలనే చేర్చాను. ఏ రోజు తప్పనిసరో, ఏవి వదులుకోగలరో అది చెబుతుంది. అభ్యర్థనను నిజంగా అభ్యర్థనగా నిలిపేది అదే. "పెళ్ళి ఉన్నందున సెలవు మంజూరు చేయగలరు" అన్నదానిలో అలాంటి వెసులుబాటు ఎక్కడా కనిపించదు. "ఉన్నందున" అనగానే కారణం చెప్పేసి తీర్పు కూడా మనమే రాసినట్టవుతుంది. ఇంకొకటి, జవాబు రాకముందే "సెలవు పెట్టాను" అని తోటివారితో అనకండి. ఆ మాటను సెలవు ఖాయమైందన్న అర్థంలోనూ తీసుకోవచ్చు. "సెలవు అడిగాను" అనండి. వారం దాటినా జవాబు రాకపోతే, పాత మెయిల్‌కే జోడించి "నా సెలవు విషయం దయచేసి తెలియజేయండి" అని ఒకసారి గుర్తుచేయవచ్చు, అందులో తొందరపెట్టడం ఏమీ లేదు.

ఇప్పటికే నాలుగు రోజుల ముందు అడిగేశారు కాబట్టి, దాన్ని దిద్దుకోవడానికి ఒక వాక్యం చాలు: "తేదీ ముందే తెలిసినా ఆలస్యంగా అడిగినందుకు మన్నించండి." దానికి సాకులు జోడించకండి. కుటుంబంలో హఠాత్తుగా ఏదైనా జరిగి ముందుగా చెప్పే వీలే లేకపోతే, అది శుభకార్యపు చీటీ కిందికి రాదు. దాన్ని జ్వరం చీటీ పద్ధతిలోనే, "రాలేకపోతున్నాను" అని తెలియజేస్తూ రాయాలి.