నెలవంకను బట్టి వచ్చే పండుగకు సెలవు అడగడం ఎలా

కర్నూలు,
5 మార్చి 2025

బేటీ,

అస్సలాము అలైకుం. నీ సందేశం చదివాను. ‘రంజాన్ పండుగ ఏ రోజో ఇంకా తెలియదు కదా మామూ, తేలాక సెలవు అడుగుతాను’ అని రాశావు. దయచేసి అలా చేయకు. పండుగ తేలేది ముందు రోజు రాత్రి. ఆ రాత్రి ఫోను చేసి రేపు రానని చెబితే, ఎంత మంచి మేనేజరుకైనా అది సెలవు అడిగినట్టు ఉండదు, సమాచారం ఇచ్చినట్టు ఉంటుంది. పైగా ఈసారి పండుగ ఆర్థిక సంవత్సరం ముగిసే రోజు మీదికి వస్తోంది. నువ్వు ఉన్నది అకౌంట్స్ విభాగం. వచ్చే సోమవారానికల్లా లేఖ ఇవ్వు.

తేదీ తెలియదని నువ్వు అంటున్నావు గానీ, నిజానికి చాలావరకు తెలుసు. ఫిబ్రవరిలో అడిగి ఉంటే మార్చి 30, 31, ఏప్రిల్ 1 అని మూడు తేదీలు చెప్పాల్సి వచ్చేది, ఎందుకంటే రంజాన్ నెల ఎప్పుడు మొదలవుతుందో అప్పటికి తేలలేదు. మార్చి 2, ఆదివారం మొదటి రోజా ఉపవాసం ఉన్నాం. దాంతో మార్చి 30 లెక్కలోంచి పోయింది. మన నెలకు ఇరవై తొమ్మిది రోజులైనా ఉంటాయి, ముప్పై అయినా ఉంటాయి, అంతకు తక్కువా ఉండవు, ఎక్కువా ఉండవు. ఇరవై తొమ్మిదో రోజా మార్చి 30, ఆదివారం. ఆ సాయంత్రం మగ్రిబ్ వేళ నెలవంక కనిపిస్తే సోమవారం 31న పండుగ. కనిపించకపోతే సోమవారం ముప్పయ్యో రోజా, మంగళవారం ఏప్రిల్ 1న పండుగ. మూడో తేదీకి తావే లేదు. రెండేళ్ల కిందట ఇరవై తొమ్మిది రోజాలకే పండుగ చేసుకున్నాం, నిరుడు ముప్పై నిండాయి. కాబట్టి నీ మేనేజరుకు తెలియాల్సింది ఇంతే: తేదీలు రెండు, అది తేలే సాయంత్రం ఒక్కటి.

ఇది లేఖలో వివరంగా రాయనక్కరలేదు. ఆయన అడిగితే నోటితో చెప్పు. ఈసారి చెప్పడం ఇంకా సులువు, ఎందుకంటే మార్చి 30నే ఉగాది. 29వ తేదీ సాయంత్రం అమావాస్య ముగిసి పాడ్యమి వస్తుంది. పాడ్యమిని పంచాంగంలో గణించి ముందే చెప్పేస్తారు గనుక ఉగాదికి ఎవరికీ సందేహం ఉండదు. అదే చంద్రుణ్ణి మనం గణించి ఊరుకోం, కంటితో చూసినట్టు సాక్ష్యం కావాలి. ఆదివారం సాయంత్రానికి అమావాస్య దాటి ఒక రోజుకు పైగా అవుతుంది కాబట్టి ఆకాశం నిర్మలంగా ఉంటే నెలవంక కనిపించే అవకాశమే ఎక్కువ. అందుకే లేఖలో 31ని ముందు పెట్టు. కానీ పడమటి దిక్కున మబ్బు పట్టినా, సన్నని వంక త్వరగా అస్తమించినా ఏమీ చెప్పలేం. 31 ఒక్కటే రాసి ఊరుకోవద్దు.

మీ కంపెనీ సెలవుల జాబితాలో రంజాన్ ఐచ్ఛిక సెలవుగా ఉందనీ, పక్కన మార్చి 31 అని అచ్చు వేశారనీ రాశావు. తెలంగాణ ప్రభుత్వం 31న రంజాన్‌కూ, మరుసటి రోజుకూ సెలవు ఇచ్చింది గానీ ఆ జాబితా ప్రభుత్వ కార్యాలయాలది. ప్రైవేటు కంపెనీలో మీ జాబితాయే లెక్క. అందులో అచ్చయిన తేదీ అంచనా మాత్రమే. కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుల్లోనే రంజాన్, బక్రీద్, మొహర్రం, మిలాద్ సెలవుల తేదీలు మారవచ్చనీ, మార్పు ఆఖరి ఘడియలో వస్తే రేడియో, టీవీ, పత్రికల్లో వచ్చిన ప్రకటనను బట్టే అధికారులు నడుచుకోవచ్చనీ ఉంటుంది. 2023లో బక్రీద్ సెలవును మహారాష్ట్ర ప్రభుత్వం జూన్ 28 నుంచి 29కి మార్చింది. నువ్వు అడుగుతున్నది వింత కోరిక కాదు. ఈ విషయం లేఖలో పెట్టకు, మనసులో ఉంచుకో. పెడితే నిబంధనలు చూపించి అడుగుతున్నట్టు ఉంటుంది.

ఇక లేఖ. నేను మేనేజరు కుర్చీలో ఉన్నప్పుడు ఇలాంటివి చాలా చూశాను. ‘రంజాన్ సందర్భంగా 31 లేదా ఆ దగ్గర్లో సెలవు మంజూరు చేయగలరు’ అని ఉంటే నాకు మొదట వచ్చే ఆలోచన: ఈ మనిషి రెండు రోజులూ రాడు. లేఖలో అన్నిటికన్నా ముందు ఆ అనుమానం తీరాలి. అడుగుతున్నది ఒక్క రోజని, మిగతా రోజు పనిలో ఉంటానని స్పష్టంగా ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను, మీ ఆఫీసులో నడిచే భాషలోకి నువ్వు మార్చుకో:

‘గౌరవనీయులైన మేనేజరు గారికి,

విషయం: రంజాన్ పండుగకు ఒక రోజు సెలవు (మార్చి 31, సోమవారం లేదా ఏప్రిల్ 1, మంగళవారం)

రంజాన్ పండుగకు నా ఐచ్ఛిక సెలవుల్లోంచి ఒక రోజు కోరుతున్నాను. పండుగ ఏ రోజన్నది మార్చి 30, ఆదివారం సాయంత్రం నెలవంక కనిపించడాన్ని బట్టి తేలుతుంది. కనిపిస్తే సోమవారం సెలవు తీసుకుని మంగళవారం పనికి వస్తాను. కనిపించకపోతే సోమవారం పూర్తిగా పనిలో ఉండి మంగళవారం సెలవు తీసుకుంటాను.

హైదరాబాద్‌లో నెలవంక కమిటీ ప్రకటన రాగానే ఆదివారం రాత్రి మీకు ఫోనులో తెలియజేస్తాను. తొమ్మిదిన్నరకు కూడా ప్రకటన రాకపోతే, ఇంకా తేలలేదని ఆ సమయానికి చెప్పి, తేలిన వెంటనే మళ్లీ తెలియజేస్తాను.

సంవత్సరాంతపు పనుల్లో నా వంతుకు వచ్చిన సరఫరాదారుల బిల్లుల నమోదు, 28వ తేదీ వరకు బ్యాంకు ఖాతాల సరిచూపు 29, శనివారం సాయంత్రానికి పూర్తి చేస్తాను. సోమవారం వచ్చే బిల్లులను నమోదు చేయడానికి నా సహోద్యోగి అంగీకరించారు. వాటి జాబితా శనివారమే ఆయనకు అప్పగిస్తాను.

పై రెండు తేదీల్లో ఏది అయినా సమ్మతమేనని ఈ లేఖకు జవాబుగా తెలియజేయగలరని కోరుతున్నాను.’

ఇందులో ఆఖరి వాక్యం తీసేయకు. మీ సెలవుల పోర్టల్ ఒక్క తేదీనే తీసుకుంటుందన్నావు. నువ్వు 31 నమోదు చేస్తావు, ఆయన దాన్ని ఆమోదిస్తారు, పని అయిపోయిందనుకుంటావు. నెలవంక కనిపించకపోతే 31న నువ్వు ఆఫీసులో ఉన్నా పోర్టల్ సెలవులో ఉన్నావంటుంది, ఏప్రిల్ 1న గైర్హాజరు అంటుంది. జీతం లెక్క వేసే వాళ్లకు నెలవంక గురించి ఏమీ తెలియదు, ఒక రోజు జీతం కోసేస్తారు. అందుకని 31 నమోదు చేసినప్పుడే కారణం గడిలో రెండు తేదీలూ రాయి. మంగళవారం పండుగైతే సోమవారం ఆఫీసుకు వెళ్లగానే మొదటి పనిగా పాతది రద్దు చేసి కొత్తది పెట్టు. ఆయన రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు ఉంటే మళ్లీ అనుమతి కోసం తిరగనక్కరలేదు.

బిల్లులు చూస్తానన్న సహోద్యోగి మాట లేఖలో రాసే ముందు అతనితో నిజంగా మాట్లాడు. అతనికి ఆదివారం ఉగాది. సంవత్సరాంతం గనుక ఆ ఆదివారం కూడా ఆఫీసు తెరిచి ఉంచుతారని రాశావు. అతన్ని ఇంట్లో ఉండమని చెప్పి, ఆదివారం పగలు అతని పని నువ్వు చూడు. ఉపవాసంతో చేయాలి, కష్టమే, నాకు తెలుసు. అయినా ఇఫ్తార్‌కు ఇల్లు చేరేలా ముందే సమయం మాట్లాడుకుంటే ఇబ్బంది ఉండదు. సోమవారం అతను నీ పని చూస్తాడు. ఇద్దరి పండుగలూ నిలుస్తాయి, మేనేజరుకు రెండు రోజులూ మనిషి ఉంటారు. ఈ ఏర్పాటును లేఖలో ఒక వాక్యంగా చేర్చవచ్చు. లేఖ మొత్తంలో ఆయనను ఒప్పించేది బహుశా ఇదే.

ఎవరి ప్రకటన చూస్తావో కూడా రాయమన్నాను కదా, అది ఊరికే కాదు. మీ మేనేజరుకు దుబాయ్‌లో ఎవరో ఉంటారు, ‘అక్కడ పండుగ నిన్ననే అయిపోయిందట, నువ్వు ఇవాళ అంటున్నావేమిటి?’ అంటారు. గల్ఫ్ దేశాల్లో సాధారణంగా మనకన్నా ఒక రోజు ముందు వస్తుంది. మన దేశంలోనే నిరుడు కేరళలో ఏప్రిల్ 10న, మన దగ్గర 11న చేసుకున్నాం. ఆఫీసులో మలయాళీ సహోద్యోగి ఉంటే అతనిదొక తేదీ, నీదొక తేదీ అవుతుంది. ఎవరిదీ తప్పు కాదు, ఎక్కడి ప్రకటన అక్కడిది. ముందే ‘హైదరాబాద్ ప్రకటన’ అని రాసి పెడితే ఆ రోజు సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని ఉండదు. ఫోనులోని క్యాలెండరు చూపించే తేదీని మాత్రం నమ్ముకోకు.

ఆదివారం రాత్రి సందేశం ముందే రాసి ఉంచుకో. చాంద్ రాత్ హడావిడిలో, ఇంటినిండా జనం ఉండగా, అందరూ ముబారక్‌లు చెబుతుండగా మేనేజరు గుర్తుకు రావడం కష్టం. ‘నెలవంక కనిపించింది. లేఖలో రాసినట్టు రేపు 31న సెలవులో ఉంటాను, మంగళవారం వస్తాను.’ ఇంతే చాలు. దూరపు ఊళ్ల నుంచి సాక్ష్యాలు వచ్చి ప్రకటన ఆలస్యమైన రాత్రులు ఉంటాయి, అందుకే తొమ్మిదిన్నర గడువు పెట్టమన్నాను.

ఆయన సోమవారం కుదరదంటే ఏం చేయాలని అడిగావు. ఉదయం ఈద్గాలో నమాజు, ఇంట్లో పెద్దలను కలవడం అయ్యాక మధ్యాహ్నం రెండు నుంచి వస్తానని చెప్పు, లేదా సాయంత్రం ఒక గంట ఫోనులో అందుబాటులో ఉంటానను. కానీ ఈ మాట మొదటి లేఖలో రాయకు. రాస్తే ఆయన చూపు నేరుగా అక్కడికే పోతుంది, పూర్తి రోజు అడిగినట్టే ఉండదు. రోజంతా ఫోనులో ఉంటానని మాత్రం ఎప్పుడూ మాట ఇవ్వకు. పండుగ పూట ఆ మాట నిలబెట్టుకోలేవు, నిలబెట్టుకుంటే అది సెలవే కాదు.

బక్రీద్‌కు ఇంత తతంగం అక్కరలేదు. అది జిల్హిజ్జా నెల పదో రోజు కాబట్టి ఆ నెల నెలవంక కనిపించిన రాత్రే తేదీ తేలిపోతుంది, ఇంకా వారానికి పైగా సమయం ఉంటుంది. మామూలు సెలవు లేఖ చాలు. ఇప్పటి దాని చిత్తుప్రతి శుక్రవారం లోపు నాకు పంపు, చూసి చెబుతాను. సోమవారం పొద్దున్నే ఆయన చేతికి ఇవ్వు.

నీ మామూ