నెమోనిక్ టేబుల్‌లో అసలు పని చేసేది చివరి గడి

ప్రశ్న: ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్. వార్డు నోట్స్‌లో లక్షణాలన్నీ చెల్లాచెదురుగా ఉన్నాయి. నెమోనిక్‌తో డిఫరెన్షియల్స్ టేబుల్ ఎలా చేసుకోవాలి?

టేబుల్ పైన రోగం పేరు రాయకండి. పేషెంట్ ఏ బాధతో వచ్చాడో ఆ ఒక్క లక్షణం రాయండి.

మా జూనియర్ ఒకమ్మాయి పరీక్షల ముందు కాగితాలన్నీ హాస్టల్ మంచం మీద పరిచింది. ‘కంటిపాపలు సూదిమొనంత’ అన్న మాట మూడు చోట్ల కనిపించింది. ఫార్మకాలజీలో మార్ఫిన్ కింద, మెడిసిన్ వార్డు నోట్స్‌లో పురుగుమందు కింద, న్యూరో క్లాసులో పాన్స్ రక్తస్రావం కింద. మూడూ సరైనవే. ఒక పేజీలో ఎప్పుడూ కలవలేదంతే. అందుకే వార్డులో అడిగితే తనకి ఒకటే గుర్తొచ్చేది.

‘స్పృహ లేదు’ అని పైన రాసి, ఎడమ పక్కన ‘ఏ ఈ ఐ ఓ యూ టిప్స్’ అక్షరాలు దింపాం. ఆల్కహాల్, ఎపిలెప్సీ, ఇన్సులిన్, ఓపియాయిడ్స్, యురేమియా. ట్రామా, ఇన్ఫెక్షన్, పాయిజన్, స్ట్రోక్. పక్కన రెండే గడులు: నోట్స్‌లో దొరికిన లక్షణం, దాన్ని మిగతావాటి నుంచి విడదీసే గుర్తు. ఆ రెండో గడి లేకపోతే అది ఉత్త పేర్ల జాబితా.

కంటిపాపల సంగతి అక్కడే తేలింది. పురుగుమందులో ఆర్గానోఫాస్ఫేట్ అయితే నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల్లో గురగుర, కండరాలు అదరడం ఉంటాయి. మార్ఫిన్ జాతి మందైతే ఈ తడి ఉండదు, శ్వాస బాగా నెమ్మదిస్తుంది, నాలోక్సోన్ ఇస్తే మనిషి లేస్తాడు. పాన్స్‌లో రక్తస్రావమైతే కాళ్లూ చేతులూ నాలుగూ పడిపోతాయి, జ్వరం బాగా పెరగొచ్చు. ఒక జాగ్రత్త: ఆర్గానోఫాస్ఫేట్‌లో నాడి నెమ్మదిస్తుందని అందరూ బట్టీ పడతారు, కానీ కొందరిలో వేగంగానే ఉంటుంది. నాడి చూసి దాన్ని కొట్టేయకండి.

చేతులు మారే పీడీఎఫ్ నెమోనిక్‌ల మీద నాకు గట్టి కంప్లైంట్ ఉంది. వాటిలో పాముకాటు ఉండదు. మన ఊళ్లలో రాత్రి నేల మీద పడుకున్న మనిషి పొద్దున కదలకుండా దొరికితే కట్లపాము గుర్తుకు రావాలి. కాటు గుర్తు కనిపించకపోవచ్చు. రెప్పలు వాలి, కండరాలన్నీ చచ్చుబడి కోమాలా కనిపిస్తాడు, లోపల స్పృహ ఉండొచ్చు. దాన్ని ‘పాయిజన్’ వరుసలో మీరే రాసుకోండి.

ఇంకోటి, అక్షరాల వరుస ప్రమాదం వరుస కాదు. చక్కెర పడిపోవడం ‘ఐ’ దగ్గర మూడోది, కానీ గ్లూకోమీటర్‌తో మొదట చూడాల్సింది అదే. ఆ వరుసకి ఎర్ర పెన్నుతో చుట్టండి.

టేబుల్ అయ్యాక చివరి గడి మూసేసి, వార్డులో నిన్న చూసిన కేసుతో నింపి చూడండి. రెండు వరుసలకి ఒకే గుర్తు రాశారంటే ఇంకా విడదీయలేదన్నమాట. ఆ రెండింటి కోసం మాత్రం పుస్తకం తెరవండి.