‘ఇంటికెళ్లి’ అని రాస్తే కంప్యూటర్ ఎక్కడ ఉన్నట్టు?

ప్రశ్న: ‘ఇంటికెళ్లి ఆఫీసు కంప్యూటర్ వాడుకునేందుకు అనుమతి ఇవ్వగలరు. కంప్యూటర్ ఆన్‌లో ఉంచబడును’ అని మా ఐటీ విభాగానికి లేఖ రాశాను. కంప్యూటర్‌ను ఇంటికి తీసుకుపోతారా అని వారు అడిగారు. నా వాక్యంలో తప్పేమిటి? – ఒక ఉద్యోగిని, హనుమకొండ

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. మన ఓరుగల్లు వాడుకలో ‘కెళ్లి’ అంటే ‘నుంచి’ అనే అర్థం. ‘జనగామకెళ్లి వచ్చిండు’ అంటే జనగామ నుంచి వచ్చాడనే మనం గ్రహిస్తాం. ఈ వాడుక తెలియనివారు మాత్రం దాన్ని ‘వెళ్లి’ అనే అసమాపక క్రియగా చదువుతారు కాబట్టి, మీతోపాటు కంప్యూటర్ కూడా ఇంటికి వెళ్తుందని అనుకున్నారు. మాటలో ఈ ప్రయోగాన్ని వదులుకోవలసిన పనిలేదు. పలు జిల్లాలవారు చదివే లేఖలో ‘నుంచి’ అని రాయడం మేలు. అప్పుడు కూడా యంత్రం ఎక్కడ ఉంటుందో విడిగా చెప్పాలి.

‘ఇవ్వగలరు’ అనేది మర్యాదపూర్వకమైన అభ్యర్థనగా లేఖల్లో స్థిరపడింది. దానికి సామర్థ్యార్థం కూడా ఉంది కనుక నేనైతే ‘ఇవ్వవలసిందిగా కోరుతున్నాను’ అంటాను.

నిజంగా చిక్కు తెచ్చేది ‘ఉంచబడును’. కంప్యూటర్ షట్‌డౌన్ అయినా, స్లీప్‌లోకి పోయినా దాన్ని దూరం నుంచి వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్ ఇంటి నుంచి సాధారణంగా కలవదు. అందుకే దాన్ని ఎవరు ఆన్‌లో ఉంచుతారన్నది ఐటీవారికి ముఖ్యం. కర్మణి వాక్యం సరిగ్గా ఆ కర్తనే దాచేసింది. సాయంత్రం షట్‌డౌన్ చేయకుండా ఉండటం మీ చేతిలోని పని, స్లీప్ సెట్టింగును మార్చడం చాలా కార్యాలయాల్లో వారి చేతిలోని పని. ఈ రెండింటినీ రెండు కర్తరి వాక్యాలుగా విడదీయండి.

ఈ పనిలో రెండు యంత్రాలు ఉన్నందున మీ రెండో వాక్యంలోని వట్టి ‘కంప్యూటర్’ అనే మాట కూడా సందిగ్ధమే. ఒకదాన్ని ‘కార్యాలయ కంప్యూటర్’ అని, రెండోదాన్ని ‘ఇంటి ల్యాప్‌టాప్’ అని చివరిదాకా ఒకే తీరుగా పిలవండి. మీ లేఖను నేను ఇలా రాస్తాను:

‘అకౌంట్స్ విభాగంలో నేను వాడే కార్యాలయ కంప్యూటర్ నా బల్లమీదే ఉంటుంది. నెలాఖరు లెక్కల పని కోసం, ఈ నెల 25 నుంచి 31 వరకు రోజూ రాత్రి 7 నుంచి 10 గంటల మధ్య, ఇంటి ల్యాప్‌టాప్ నుంచి వీపీఎన్ ద్వారా దానికి రిమోట్ డెస్క్‌టాప్‌తో కనెక్ట్ అయ్యేందుకు అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఆ రోజుల్లో నేను దాన్ని షట్‌డౌన్ చేయకుండా, స్క్రీన్ లాక్ చేసి వెళ్తాను. అది స్లీప్‌లోకి పోకుండా మీరు సెట్టింగు మార్చవలసిందిగా కోరుతున్నాను.’

దీనికి కార్యాలయ కంప్యూటర్ పేరును కూడా చేర్చండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `hostname` అని కొడితే ఆ పేరు కనిపిస్తుంది. దాన్ని తెలుగు లిపిలోకి మార్చకుండా, తెరమీద ఉన్న అక్షరాలు, అంకెలు, అడ్డగీతలతో యథాతథంగా రాయండి.