మసీదు గోడ మీద చెట్టుంటుంది, మనిషి ఉండడు

మసీదుల్లో పూలతీగలు, నక్షత్రాల డిజైన్లే ఎందుకు? ఖురాన్‌లో బొమ్మలు నిషేధమా?

ఖురాన్ నేరుగా తప్పుపట్టేది విగ్రహారాధననే, బొమ్మలు గీయడాన్ని కాదు. అసలు అభ్యంతరం ముహమ్మద్ ప్రవక్త మాటలు, చేతల గురించి చెప్పే హదీసుల్లో ఉంది: ప్రాణుల బొమ్మలు చేసినవాళ్లను తీర్పు రోజున 'వీటికి ప్రాణం పోయండి' అంటారట. అది అల్లాకే సాధ్యమైన పని. చిత్రకారుడొకరు అడిగితే, ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ 'గీయక తప్పకపోతే చెట్లు గీసుకో, వాటికి ఆత్మ లేదు' అన్నారని మరో హదీసు.

706–715 మధ్య కట్టిన డమాస్కస్ పెద్ద మసీదు మొజాయిక్‌లలో ఇదే కనిపిస్తుంది. నది, చెట్లు, మేడలు ఉన్నాయి, మనుషులు మాత్రం లేరు. నాకు ఖాళీ ఊరిలా అనిపిస్తుంది! ఆ మసీదు కట్టించిన ఉమయ్యద్ రాజవంశమే జోర్డాన్‌లో కట్టుకున్న ఖుసైర్ అమ్రా స్నానశాల గోడల మీద మాత్రం వేటగాళ్లు, స్నానం చేసే ఆడవాళ్లు కనిపిస్తారు. అక్కడ నమాజు చేయరు కదా.