8% ఆఫర్, 13% ఆఫర్: రెండు ఫోటోల్లో ఏది చవక?

ప్రశ్న: రెండు బ్యాంకులు ఇచ్చిన ఆఫర్ కాగితాలు ఫోటో తీసి పెట్టాను. రెండూ 3 లక్షల పర్సనల్ లోన్‌కే. మొదటిది 8%, 36 నెలలు, ఈఎంఐ 10,333. రెండోది 13%, 48 నెలలు, ఈఎంఐ 8,048. మొదటిదాంట్లో వడ్డీ తక్కువ, రెండోదాంట్లో ఈఎంఐ తక్కువ. లెక్క వేసి ఏది తీసుకోవాలో చెప్పగలరా?

జవాబు:

రెండోది తీసుకోండి. కానీ 48 నెలలకు కాదు, 36 నెలలకు అడగండి. ఎందుకంటున్నానో చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి. ఇదే పొరపాటు నేను ఒకసారి చేసి డబ్బు పోగొట్టుకున్నాను.

మొదటి ఫోటోలో 8% అన్న అంకె పక్కన మీ వేలి నీడ పడింది. అక్కడ ఏదో చిన్న మాట ఉంది కానీ చదవడానికి రావడం లేదు. ఫర్వాలేదు, ఆ మాట ఏమిటో ఈఎంఐ చెప్పేస్తుంది. 10,333ని 36తో గుణిస్తే 3,71,988. అందులోంచి అసలు 3 లక్షలు తీసేస్తే 71,988 వడ్డీ. ఇప్పుడు చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న బారువడ్డీ లెక్క చేయండి: 3 లక్షల మీద 8% చొప్పున మూడేళ్లకు 72,000. ఈఎంఐలో పైసలు వదిలేసినందువల్ల వచ్చిన పన్నెండు రూపాయల తేడా తప్ప రెండూ ఒకటే. అంటే నీడ కింద దాగిన మాట 'ఫ్లాట్'.

ఫ్లాట్ అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తూ వచ్చినా, వడ్డీ మాత్రం మూడేళ్లూ మొత్తం 3 లక్షల మీదే వేస్తారు. ఆ లెక్కన ప్రతి నెలా 8,333 అసలుకు, 2,000 వడ్డీకి పోతుంది. ముప్ఫై ఆరో నెలలో మీరు బాకీ ఉన్న అసలు 8,333 మాత్రమే. దానికీ ఆ నెల వడ్డీ 2,000! మన ఊళ్లో నూటికి రూపాయి వడ్డీకి అప్పిచ్చే షావుకారు కూడా సగం అసలు చెల్లేస్తే మిగతా సగానికే వడ్డీ అడుగుతాడు కదా.

రెండో కాగితం ఆ షావుకారు పద్ధతే. తగ్గుతున్న బాకీ మీద వడ్డీ, బ్యాంకు వాళ్లు రెడ్యూసింగ్ అంటారు. మీ ఫోటోలో 13 తర్వాతి అంకె మసకగా ఉంది, 13.0నో 13.9నో తెలియలేదు. అక్కడా ఈఎంఐ పట్టించింది. 13.9 అయితే 48 నెలల ఈఎంఐ 8,183 రావాలి, 13 అయితే 8,048. కాగితం మీద ఉన్నది 8,048 కాబట్టి 13 ఖాయం. ఫోటో చూసి లెక్క వేసేటప్పుడు నేను మొదట చేసే పని ఇదే. చదివిన రేటుతో ఈఎంఐ లెక్క కట్టి, కాగితం మీది ఈఎంఐతో సరిపోతోందో లేదో చూస్తాను. ఒకటి రెండు రూపాయల తేడా మామూలే. వందల్లో తేడా వస్తే అంకె తప్పు చదివి ఉంటాం, లేదా ఫీజో ఇన్సూరెన్సో అసలులో కలిపేసి ఉంటారు.

ఈఎంఐ లెక్కకు ఫోన్‌లో గూగుల్ షీట్స్ చాలు. ఒక గడిలో ఇది కొట్టండి:

```
=PMT(13%/12, 36, -300000)
```

10,108 వస్తుంది. 36 తీసి 48 పెడితే 8,048. ఏటా 13 శాతాన్ని నెలకు మార్చడానికే ఆ 12తో భాగించడం. నమ్మకం కుదరకపోతే మొదటి రెండు నెలలు చేత్తో వేసి చూడండి. 3 లక్షల మీద ఒక నెల వడ్డీ 3,250. మీరు కట్టిన 10,108లో అది పోగా 6,858 అసలుకు జమ. బాకీ 2,93,142. రెండో నెల వడ్డీ దాని మీద మాత్రమే, 3,176. ఇలా నెలనెలా వడ్డీ తగ్గుతూ, అసలుకు జమయ్యేది పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు అసలు తిరకాసు చూడండి. మొత్తం వడ్డీ లెక్కేస్తే మొదటిదానికి 72,000. రెండోదానికి 48 నెలలకు 86,316. ఇది చూసి 'మొదటిదే చవక' అనేస్తారు చాలామంది. మా బావ కూడా అలాగే అన్నాడు. కానీ ఒకటి మూడేళ్ల అప్పు, ఇంకోటి నాలుగేళ్ల అప్పు. ఏడాది ఎక్కువ వాడుకున్న డబ్బుకు వడ్డీ ఎక్కువే అవుతుంది. రెండోదాన్నీ 36 నెలలకు కుదిస్తే ఈఎంఐ 10,108, మొత్తం వడ్డీ సుమారు 63,900. అంటే అదే 3 లక్షలు, అదే మూడేళ్లు, నెలకు 225 తక్కువ, మొత్తం మీద 8,100 తక్కువ. 13% అన్నది 8% కంటే చవక!

తిరగేసి చూడాలంటే, మొదటి ఆఫర్‌ను రెడ్యూసింగ్ భాషలోకి మార్చే సూత్రం ఇది:

```
=RATE(36, -10333, 300000)*12
```

జవాబు 0.1455 వస్తుంది, అంటే 14.55%. మన వాడుకలో చెప్పాలంటే నూటికి 67 పైసల వడ్డీ అని పిలిచి, రూపాయి ఇరవయ్యొక్క పైసలు వసూలు చేస్తున్నారు.

నా సంగతి చెబుతానన్నాను కదా. 2021లో డాబా మీద గది వేసుకోవడానికి 2 లక్షలు తీసుకున్నాను, 7% అని చెప్పారు, 36 నెలలు, ఈఎంఐ 6,722. కాగితం ఫోటో తీసి బావకు పంపిస్తే 'ఇంత తక్కువ వడ్డీ ఎవరిస్తార్రా, కళ్లకద్దుకుని తీసుకో' అన్నాడు. ఏడాదిన్నర కట్టాక చేతిలోకి కొంచెం డబ్బొచ్చింది, లోన్ క్లోజ్ చేద్దామని వెళ్లాను. 36లో 18 కట్టాను, ఫ్లాట్ లెక్కన అసలు సగం, లక్ష మిగిలి ఉంటుందని ధీమాగా వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి ప్రింట్ తీసి ఇచ్చింది. బాకీ అసలు: 1,09,539. వడ్డీ రేటు అన్న చోట 12.83 అని ఉంది. 'నాకు 7 అన్నారు కదమ్మా' అంటే, 'అది ఫ్లాట్ సార్, సిస్టమ్‌లో ఇలాగే ఉంటుంది' అంది. నోటితో చెప్పినది ఒక రేటు, వాళ్ల ఖాతాలో నడిచింది ఇంకో రేటు. ఆ అమ్మాయి తప్పేం లేదు, తనకు కనిపించింది చెప్పింది. ఆ పైన ముందే మూసేస్తున్నందుకు 4%, దాని మీద జీఎస్టీ. ఇంటికొచ్చి పాత ఫోటో పెద్దది చేసి చూస్తే, కాగితం చివరి అంచు ఫోటోలోకే రాలేదు. ముందే క్లోజ్ చేస్తే ఛార్జీ ఎంతో ఆ అంచులోనే ఉంది.

అందుకే మీ ఫోటోల్లో అడుగు వరసలు ముందు చూశాను. మీవి నయం, కనిపిస్తున్నాయి. మొదటిదాంట్లో ప్రాసెసింగ్ ఫీజు 2%, జీఎస్టీ అదనం. 6,000 మీద 18% జీఎస్టీ 1,080 కలిపి 7,080. రెండోదాంట్లో ఫీజు 1%, జీఎస్టీతో 3,540. కానీ రెండోదాంట్లో చిన్న అక్షరాల్లో ఇన్సూరెన్స్ ప్రీమియం 6,500 కూడా ఉంది. ఇవన్నీ ముందే కోసుకుని మిగతాది మీ ఖాతాలో వేస్తారు, ఈఎంఐ మాత్రం పూర్తి 3 లక్షలకు కడతారు. కాబట్టి పైన RATE సూత్రంలో 300000 బదులు చేతికి వచ్చే సొమ్ము పెట్టాలి. మొదటిదానికి 2,92,920 పెడితే రేటు 16.2 శాతానికి ఎగబాకుతుంది. రెండోదానికి 36 నెలలు, 10,108 ఈఎంఐ, చేతికి 2,89,960 అయితే 15.4%. ఇన్సూరెన్స్ వద్దనుకుంటే చేతికి 2,96,460, రేటు 13.8%. అంటే ఆ ఇన్సూరెన్స్ ఒక్కటే ఒకటిన్నర శాతం తినేస్తోంది. పర్సనల్ లోన్‌కు ఇన్సూరెన్స్ తీసుకోవాలని ఆర్‌బీఐ నిబంధనేమీ లేదు. 'సార్ ఇది తప్పనిసరి' అంటే, ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.

ఇంకో సౌకర్యం ఉంది, నా కాలంలో లేదు. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇలాంటి లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇచ్చి తీరాలి, మీకు అర్థమయ్యే భాషలో. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఫీజులు, ఇన్సూరెన్సు అన్నీ కలిపిన ఏడాది రేటు అది. పైన నేను వేసిన 16.2, 15.4 దాదాపు అవే అవుతాయి. మీరు పెట్టిన రెండు ఫోటోలూ ఆ కాగితం కాదు, సేల్స్ వాళ్లు నింపి ఇచ్చిన ఆఫర్ షీట్లు. మొదటి బ్యాంకు వాళ్లను ఏపీఆర్ ఎంత అని అడగండి, 8 అని మాత్రం చెప్పలేరు.

నెలకు పది వేలు కట్టడం కష్టమైతే మాట వేరు. అప్పుడు 48 నెలలే తీసుకోండి, తప్పేం లేదు. నెలకు 2,060 వెసులుబాటు దొరుకుతుంది, దానికి బదులు మొత్తం మీద 22,400 వడ్డీ ఎక్కువ కడతారు. ఆ బేరం మీకు గిట్టుతుందా లేదా అన్నది మీ ఇంటి ఖర్చుల లెక్క, అది నేను చెప్పలేను. ఒకవేళ మధ్యలో డబ్బొస్తే ముందే తీర్చేద్దామన్న ఆలోచన ఉంటే, మూసివేత ఛార్జీ ఎంత, ఎన్ని ఈఎంఐలు కట్టాక ఒప్పుకుంటారు అన్నది ముందే చూసుకోండి. పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటువే ఉంటాయి, వాటికి ఛార్జీ వేయవచ్చు.

రేపు రెండో బ్యాంకుకు వెళ్లి 36 నెలలకు, ఇన్సూరెన్స్ లేకుండా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తీసుకోండి. అది ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పని దినాలు టైమ్ ఉంటుంది, అక్కడికక్కడే సంతకం పెట్టక్కర్లేదు. ఈసారి కాగితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలూ కనపడేలా, నీడ పడకుండా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఈఎంఐ 10,108 దగ్గర, ఏపీఆర్ 13.8 దగ్గర లేకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతికి చెబుతాను.